దిద్దిన పేపర్లు, ముప్పై ఏళ్ళ ఆనవాయితీ

మా కాలేజీలో తర్కశాస్త్రం చెప్పే మేడం గారికి కోపం వస్తే గొంతు పెరగదు, చేతిరాత చిన్నదవుతుంది. ఆ సోమవారం స్టాఫ్ మీటింగులో ఆవిడ రాత చీమలబారైంది.

ఆవిడ అడిగింది ఒక్కటే: దిద్దిన జవాబుపత్రాలు పిల్లలకు చూపిద్దామని.

ప్రిన్సిపాల్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "ఇవాళ పేపర్లు చూపిస్తే రేపు మార్కుల కోసం కొట్లాడతారు. ఎల్లుండి పాఠం ఎలా చెప్పాలో మనకే నేర్పుతారు. ఆపైన కాలేజీకి తాళమే! అయినా ముప్పై ఏళ్ళుగా చూపించలేదు, ఇప్పుడేం కొంప మునిగిందమ్మా? మీ తర్కం క్లాసులో చెప్పుకోండి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, దాచడం దేనికి.

నెల తిరక్కుండా ఆవిడ పగ తీరింది. ఆయన మాటలే పొల్లుపోకుండా పరీక్షలో ప్రశ్నగా దిగాయి: "ఒక పెద్దమనిషి ఇలా వాదించాడు. పరిశీలించండి. పది మార్కులు." జవాబు ముందే రాసి పెట్టుకుంది: ఈ రేపు, ఎల్లుండి గొలుసంతా ఉత్తిదే, ఆనవాయితీ ఋజువు కాదు.

అరవైమంది పెద్దమనిషిని ఉతికి ఆరేశారు. ఆవిడ ఒక్కో టిక్కూ కత్తి దించినట్టు పెట్టి అందరికీ పదేసి ఇచ్చింది. చివరిదైన అరవై ఒకటో పేపరు వెనక బెంచీ అమ్మాయిది.

"మొదటి మెట్టుకు ఆధారముంది. పోయినసారి రికార్డు పుస్తకాలు దిద్ది తిరిగిచ్చినప్పుడు సగం క్లాసు మార్కుల కోసం వరస కట్టింది. అక్కణ్ణుంచి తాళం దాకా ఒక్క మెట్టుకీ ఆధారం చూపలేదు. గడువు పెడితే మధ్యలోనే ఆపొచ్చు కూడా. ముప్పై ఏళ్ళంటే అలవాటు పాతదని తేలుతుంది, మంచిదని కాదు. అది ఇన్నాళ్ళూ దేన్ని కాపాడిందో చెబితే మాత్రం వినాలి."

మేడం పెన్ను ఆగిపోయింది. "దొంగపిల్ల! నా పగని కూడా దిద్దేసింది," అని గొణిగి, పది మార్కులేసింది.

మర్నాడు ప్రిన్సిపాల్ గారే స్టాఫ్ రూముకొచ్చారు. "ఆ పెద్దమనిషి గురించి ఏం రాశారో... ఆ కట్ట ఒకసారి ఇలా ఇవ్వండమ్మా."

"అయ్యో, చూపించకూడదు కదండీ! ముప్పై ఏళ్ళ ఆనవాయితీ! ఇవాళ మీరు చూస్తారు, రేపు మీ ఆవిడ గారొస్తారు, ఎల్లుండి బజారంతా వస్తుంది, ఆపైన కాలేజీకి తాళమే!"

ఆయన చెవులు కందిపోయాయి. బెల్లు కొట్టేదాకా ఆవిడ ఆయన్ని అలాగే నిలబెట్టి, అప్పుడు ఒక్క పేపరు తీసిచ్చింది. ఆయన రెండుసార్లు చదివారు.

"అంటే మొదటి మెట్టు నాదే."

"అదొక్కటే మీదండీ. మిగతావి గాల్లో ఉన్నాయి."

వారంలో నోటీసు పడింది: పేపర్లు రెండు రోజులు చూపిస్తాం, అభ్యంతరాలు రాసివ్వాలి.

మొదటి చీటీ వెనక బెంచీ అమ్మాయిదే. "గొలుసంతా ఉత్తిదే అన్నవాళ్ళకీ పదే, నాకూ పదేనా మేడం?"

మేడం మిగతా అరవై పేపర్లూ మళ్ళీ ముందేసుకుంది. రాత చీమలబారైంది. గుమ్మం ముందు నుంచి పోతూ ప్రిన్సిపాల్ గారు తల లోపలికి పెట్టారు.

"చెప్పానా అమ్మా, మార్కుల కోసం కొట్లాడతారని?"