మూడు దాటితే చెల్లవు

రోజాన్ హుడాక్ చేతిలో ఎప్పుడూ కత్తెర ఉంటుందని మా వృద్ధాశ్రమంలో పనిచేసే అందరికీ తెలుసు. పేపర్లో వచ్చే కిరాణా తగ్గింపు కూపన్లు కత్తిరిస్తుంది. ఒకదాని మీద ఒకటి పెట్టి, వారం సరుకులు సగం ధరకు తెచ్చి, కౌంటరు దగ్గర ఉన్న అమ్మాయిని నవ్విస్తూ బయటికొస్తుంది. మా ఊరు యంగ్స్‌టౌన్‌లో ఉక్కు మిల్లు మూతపడి జీతాలు పోయిన ఇళ్ళలో పెరిగినవాళ్ళం మేమంతా. ఏదీ ఊరికే పోనివ్వం.

నలభై నాలుగేళ్ళ మనిషి. పందొమ్మిదేళ్ళుగా ముసలివాళ్ళకు స్నానాలు చేయించింది, పక్కలు మార్చింది. ఎవరికి ఊపిరి అందడం లేదో ముందు తనే పసిగడుతుంది, కానీ మందు ముట్టుకోవడానికి వీల్లేదు. అందుకు నర్సు కావాలి. నర్సింగులో సీటు రావాలంటే మా కమ్యూనిటీ కాలేజీలో అనాటమీ క్లాసు ఎనభై శాతంతో గట్టెక్కాలి. మొదటిసారి రోజాన్‌కు డెబ్బై ఆరు వచ్చింది. రెండోసారీ తప్పితే ఇక ఆ తలుపు మూసేస్తారు. ఆ రెండోసారి నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను. ఇద్దరం ఒకే కారులో వెళ్ళేవాళ్ళం.

పాఠం చెప్పే డాక్టర్ స్ట్రౌడ్ మంచివాడేనని ఊరంతా అంటుంది. నేను మాత్రం అనను.

ఆయన లెక్క ఇది. ఏడాదిలో చేసిన ల్యాబులు, చిన్న పరీక్షలు అన్నీ కలిపి డెబ్బై, చివరి పరీక్ష ముప్పై. ఆ డెబ్బైలో రోజాన్ సంపాదించింది యాభై నాలుగున్నర, ఇంకో పిసరు. ఎనభైకి చేరాలంటే చివరి పరీక్షలో నూటికి ఎనభై అయిదు రావాలి. ఆమెకు ఎప్పుడూ డెబ్బై దగ్గరే ఆగేది. అందుకని ఆయన పైన ఇచ్చే అదనపు పాయింట్లు ఏరుకుంది. రక్తదాన శిబిరంలో ఒకటి, పోస్టరుకు ఒకటి, ఒక రిపోర్టుకు ఒకటి. ఇవి నేరుగా మొత్తంలో కలుస్తాయి కాబట్టి ఒక్కో పాయింటూ చివరి పరీక్ష మీద మూడు మార్కులకు పైగా భారం తీసేస్తుంది. మూడూ కలిపితే ఎనభై అయిదు కాస్తా డెబ్బై అయిదుకు దిగింది.

పరీక్ష గురువారం. ముందటి శుక్రవారం క్లాసు అయ్యాక స్ట్రౌడ్ గారు, "రేపు మా ఆరోగ్య మేళాకు మనుషులు కావాలి. రోజంతా నిలబడితే రెండు పాయింట్లు," అన్నారు. అని ఊరుకోకుండా రోజాన్ దగ్గరికే వచ్చారు.

"రోజాన్, బీపీ చూడడం నీకు వెన్నతో పెట్టిన విద్య. నువ్వొస్తే నాకు కొండంత అండ."

కారులో ఆమె మొహం వెలిగిపోయింది. "మొత్తం అయిదు పాయింట్లు డీనా. ఇక అరవై ఎనిమిది వస్తే చాలు. కిడ్నీల పాఠం మళ్ళీ చదివి చచ్చే పని తప్పింది."

ఆ శనివారం కిడ్నీలు చదువుదామనే సెలవు పెట్టుకుంది. దాన్ని మేళాకు ఇచ్చేసింది. చర్చిలో పిరోగీలు, అదే బంగాళాదుంప కూరిన కజ్జికాయలు, చుట్టే వంతు కూడా వాళ్ళ అక్కకు అప్పజెప్పింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి వచ్చినవాళ్ళందరికీ బీపీ చూసింది, చివర్లో బల్లలు కూడా మడిచి పెట్టింది. స్ట్రౌడ్ గారు ఆమెతో ఫోటో దిగారు.

సోమవారం కాలేజీ కంప్యూటర్లో మార్కులు చూసుకుంటే అదనపు పాయింట్ల గడిలో మూడే ఉన్నాయి.

"ఎక్కించడం మరిచిపోయినట్టున్నారు," అంది.

నేను చూశాను. మూడుకు మూడు అని ఉంది.

"మరిచిపోలేదే. అంతకు మించి తీసుకోరు. కొట్లో ఒక్కో మనిషికి రెండు డబ్బాలే అని రాస్తారు చూడు, ఎన్ని కూపన్లున్నా సరే. ఇక్కడ మూడు."

"మరి మేళా?"

"గాల్లో కలిసిపోయింది."

"అంటే నాకు డెబ్బై అయిదు రావాలి."

"అవును."

ఆమె ఏడవలేదు. కోటు తొడుక్కుని సరాసరి స్ట్రౌడ్ గారి గదికి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. నాకైతే అరికాలి మంట నెత్తికెక్కింది.

"మూడే పరిమితి అని నేనిచ్చిన సిలబస్ కాగితాల మొదటి పేజీలోనే ఉంది రోజాన్," అన్నారాయన నెమ్మదిగా.

"ఉంది సార్. నేను చూసుకోలేదు. ఆ తప్పు నాది, నెత్తిన వేసుకుంటా. కానీ నా మూడో పాయింటు అంతకు ముందు వారమే మీ చేత్తో మీరే ఎక్కించారు. శుక్రవారం నా దగ్గరికి వచ్చి రెండు పాయింట్లని ఆశ పెట్టినప్పుడు మీకు తెలుసు కదా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అంత ఆలోచించలేదమ్మా. మేళాకు మనుషులు లేక..."

"ఆలోచించలేదా?" నేనిక ఆగలేకపోయాను. "పరీక్ష ముంగిట్లో మనిషి దగ్గర ఒక రోజు మొత్తం గుంజుకున్నారు, ఆలోచించలేదా? నర్సుకు జాలి ఉండాలని క్లాసులో చెప్పేది మీరే కదా."

"నువ్వుండు డీనా." రోజాన్ నా మోచెయ్యి పట్టి వెనక్కి లాగింది.

స్ట్రౌడ్ గారు తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "సరే, నీ ఒక్కదానికి ఆ రెండూ కలిపేస్తాలే. ఎవరికీ చెప్పకు."

తీసుకోవే పిచ్చిదానా అని నేను లోలోపల అరుస్తున్నాను.

"వద్దు సార్. పాఠం రాకుండా బల్లలు మోసి నర్సయినదాన్ని మా అమ్మ మంచం దగ్గరికి నేనే రానివ్వను. ఆ పరిమితి ఉండాల్సిందే. నాకు కావలసింది నా శనివారం. కిడ్నీలు చదువుకోవాల్సిన రోజు మీరు తీసుకున్నారు. తిరిగి ఇవ్వండి."

"శనివారం ఎలా ఇస్తాను?"

"రేపు, ఎల్లుండి సాయంత్రాలు. ఇక్కడే కూర్చుని కిడ్నీలు నాకు అర్థమయ్యేదాకా చెప్పండి. నేను నిలబడ్డానుగా, మీరు కూర్చుని చెప్పండి చాలు."

"రేపు సాయంత్రం డీన్ ఇంట్లో విందు ఉంది."

"మొన్న శనివారం నాకూ చర్చిలో పిరోగీల వంతు ఉండింది సార్."

ఆయన ఫోన్ తీసి ఆ విందుకు రానని చెప్పారు. ఆ రెండు సాయంత్రాలూ ఆమె వదిలిపెట్టలేదు. కిడ్నీలో ఉప్పు ఎక్కడ రక్తంలోకి వెనక్కి పోతుందో, నీళ్ళు దాని వెంట ఎందుకు పోతాయో అడిగిందే అడిగింది. ఆయన విసుక్కుంటే, "మళ్ళీ చెప్పండి," అంది.

గురువారం పరీక్షలో డెబ్బై ఏడు వచ్చింది. మొత్తం ఎనభై దాటింది.

ఫలితాల రోజు వరండాలో స్ట్రౌడ్ గారు ఎదురై, "చూశావా, ఆ రెండు పాయింట్లు లేకుండానే గట్టెక్కావు," అని భుజం తట్టబోయారు. సిగ్గులేని మాట. రోజాన్ పక్కకు జరిగింది. నాకు ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

మరుసటి ఏడాది మేళాకు రోజాన్ నర్సింగు విద్యార్థిగా తెల్ల చొక్కాలో వచ్చింది. బీపీ బల్ల దగ్గర కూర్చోలేదు. పాయింట్ల కోసం పనిచేయడానికి కాలేజీ పిల్లలు వచ్చే తలుపు దగ్గర కుర్చీ వేసుకుంది. వచ్చిన ప్రతివాళ్ళనూ ఆపింది.

"నీకు ఎన్ని పాయింట్లున్నాయి?"

"రెండు."

"లోపలికి పో. ఒకటి కలుస్తుంది, రెండోది కలవదు. మధ్యాహ్నం దాకా ఉండి ఇంటికెళ్ళి చదువుకో. నీకు?"

"మూడు."

"నీకు ఇక్కడ ఏమీ రాదు. ఊరికే సాయం చేయాలనుంటే ఉండు, లేదంటే వెళ్ళి కిడ్నీలు చదువుకో."

చాలామంది వెనక్కి తిరిగారు. కాసేపటికి స్ట్రౌడ్ గారు బయటికొచ్చారు.

"రోజాన్, ఇలాగైతే బల్లలు, కుర్చీలు ఎవరు వేస్తారు?"

ఆమె లేచి తన కుర్చీ మడిచి ఆయన చేతికిచ్చింది.

"ఇది మొదటిది సార్. తీసుకెళ్ళి మీరే వేయండి."