ఎర్ర చుక్క పెట్టిన కళ్ళద్దాలు

అమెరికాలోని టొలీడో ఊళ్ళో ఆ తాకట్టు దుకాణానికి బోర్డు మీద యజమాని మర్విన్ పేరే ఉంటుంది గానీ, జనం మాత్రం వర్నా కొట్టు అనే అంటారు. అందులో పనిచేసే వర్నా కోస్చుక్‌కి అరవై రెండేళ్ళు. అంతకుముందు పంతొమ్మిదేళ్ళు వీధి చివరి కళ్ళద్దాల షాపులో ఫ్రేములు బాగుచేసింది. ఇప్పుడు ఎవరు పేరున్న కంపెనీ చలువ కళ్ళద్దాలు తెచ్చినా, కళ్ళు మూసుకుని అద్దం అంచు మీద గోరు నడిపి అసలుదో నకిలీదో చెప్పేస్తుంది. కంపెనీ తన అక్షరాలను అద్దం మీద చిన్నగా చెక్కుతుంది. అది గోటికి తగులుతుంది. ఈ విద్య మీద ఆవిడకు ఉన్న గర్వం ఇంతా అంతా కాదు. ఉండాలి కూడా, ఊళ్ళో ఇంకెవరికొచ్చని?

ఆ శుక్రవారం డెల్బర్ట్ వచ్చాడు. రిటైరైన బస్సు డ్రైవరు. జేబురుమాల్లోంచి నల్ల కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అమ్మడానికి కాదమ్మా. మా ఆవిడ ఓపల్‌వి. పాతికేళ్ళ పెళ్ళిరోజుకి ఓవర్‌టైము చేసి మరీ కొన్నాను. పోయేదాకా అవే పెట్టుకుంది. రేపు మనవరాలి గ్రాడ్యుయేషన్‌కి ఇద్దామంటే, అల్లుడు ఇవి నకిలీవి అని నవ్వాడు. నువ్వొక మాట చెప్పు."

వెనక ఇద్దరు వరసలో ఉన్నారు. వర్నా కళ్ళు మూసుకుంది. గోరు జారిపోయింది. రెండో అద్దం మీదా అంతే. ఏ గీతా తగల్లేదు.

"నకిలీవి డెల్బర్ట్. అక్షరాలే లేవు," అంది గట్టిగా, ఎప్పట్లాగే దుకాణమంతా వినేలా.

ఆయన మొహం వాడిపోయింది. "అయితే దాన్ని అన్నాళ్ళూ మోసం చేశానన్నమాట," అన్నాడు మెల్లగా. రుమాలు తీసి కళ్ళద్దాల మీద కప్పాడు.

ఆ మాటకి వర్నాకి గుండెలో కలుక్కుమంది. తీర్పు చెప్పాక మళ్ళీ చూసే అలవాటు ఆవిడకు లేదు. అయినా ఊరుకోలేక కళ్ళద్దాలు లాక్కుని కాడలు తెరిచింది.

కాడ మడిచేచోట ఉండే మడతబందు దగ్గర ఆగిపోయింది. లోహపు పళ్ళు, ఒకదాన్లో ఒకటి బిగుసుకుని, మొత్తం ఏడు. నకిలీల్లో తరచూ మూడే ఉంటాయి, పైపైన జిగురుతో అంటించినట్టు. ఏడు పళ్ళున్న దొంగ సరుకూ ఉంది, నిజమే. ఆవిడ భూతద్దం పెట్టి ఎడమ కాడ లోపలివైపు చూసింది. మోడల్ నంబరు, రంగు నంబరు, కొలతలు: యాభై, ఇరవై రెండు. స్కేలు తెచ్చి కొలిచింది. అద్దం వెడల్పు యాభై మిల్లీమీటర్లు, ముక్కు దగ్గర సందు ఇరవై రెండు. కుడి కాడ మీద కంపెనీ పేరు, ఇటలీలో తయారైనట్టు ముద్ర. కొంచెం అరిగాయి గానీ అక్షరాలు ఎక్కడా వంకర పోలేదు.

"ఓపల్‌కి చూపు తక్కువా?"

"దూరం సరిగా కనపడేది కాదు. కొన్న నెలకే ఈ వీధి చివర అద్దాలు మార్పించుకుంది."

వర్నా కళ్ళద్దాలను పేపరు మీద పట్టుకుని అటూ ఇటూ కదిపింది. అక్షరాలు చిన్నవై, అద్దంతోపాటే కదిలాయి. పవరున్న అద్దాలు! షాపులో కోసి వేసిన అద్దానికి కంపెనీ చెక్కుడు ఎక్కడుంటుంది? ఈ సంగతి ఊళ్ళో అందరికంటే తనకే బాగా తెలియాలి.

అప్పుడు కనిపించింది. మడతబందు మర మీద ఎర్రటి చుక్క. అద్దాలు మార్చినప్పుడల్లా మర వదులు కాకుండా గోళ్ళరంగు పెట్టడం ఆ కళ్ళద్దాల షాపు పద్ధతి. అందరూ రంగులేనిది పెట్టేవారు. ఎర్రది పెట్టింది ఒక్క వర్నాయే, తన సంచిలో ఉండేది కాబట్టి.

ఆవిడ లేచి నిలబడింది. సిగ్గుగానే ఉంది, కానీ నకిలీ అన్నప్పటికంటే గట్టిగా అంది:

"ఇందాక నేను తప్పు చెప్పాను. అందరూ వినండి. ఇవి అసలువి! గోరొక్కటి నమ్ముకుని ఎగిరిపడ్డాను. డెల్బర్ట్, ఈ అద్దాలు బిగించింది నేనే."

"నిజంగానా?"

"నీ అల్లుణ్ణి నా దగ్గరికి పంపు. ఏడు పళ్ళూ లెక్కపెట్టిస్తాను."

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. డెల్బర్ట్ నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు. ఓపల్ ఉండి ఈ మాట వినుంటే ఎంత మురిసిపోయేదో అన్నాడు.

వర్నా మెత్తటి గుడ్డతో కళ్ళద్దాలు తుడిచింది. మనవరాలికి సరిపడే అద్దాలు ఆదివారం తనే వేసిస్తానంది.

"ఆ ఎర్ర మరక కూడా తీసెయ్యమ్మా, కొత్తగా ఉంటుంది."

"అది మాత్రం తియ్యను," అంది వర్నా. "ఫ్రేమంతా కంపెనీవాళ్ళ పని. అదొక్కటీ నాది. ఇన్నేళ్ళయినా మర కదిలిందేమో చూడు."

డెల్బర్ట్ కాడ మడిచి, తెరిచి చూశాడు. మర కదల్లేదు.