ప్రవేశ రుసుము మీద బేరం

రచనల పోటీకి ప్రవేశ రుసుము కట్టిన వాళ్లు వందల మంది ఉంటారు. దాన్ని తగ్గించమని ఫోన్ చేసి బేరమాడిన మనిషి మాత్రం కరీంనగర్ మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. అంతేకాదు, బేరం బాగా ఆడాను. ఇరవై నిమిషాలు ఎదుటి మనిషిని ఫోన్ పెట్టనివ్వలేదు. నా పుట్టింటి వాళ్లు విని ఉంటే మెచ్చుకునేవాళ్లు. వాళ్లది స్టీలు సామాన్ల దుకాణం. నాకు అక్షరాలు రాకముందే బేరం వచ్చు.

తొమ్మిదేళ్లలో పదకొండు కథలు రాశాను. పుస్తకం వేయమని ఇద్దరు ప్రచురణకర్తలను అడిగితే, అచ్చు ఖర్చు నువ్వు పెట్టుకో, మూడు వందల ప్రతులు నువ్వే తీసుకో అన్నారు. మా దుకాణంలో అయితే దీన్ని అమ్మడం అనరు, కొనడం అంటారు. అలాంటప్పుడు హైదరాబాదులోని ఒక సాహిత్య ట్రస్టు ప్రకటన కనబడింది. అచ్చు కాని కథల సంపుటికో, చిన్న నవలకో పురస్కారం. గెలిస్తే ఖర్చు వాళ్లదే, పుస్తకం వాళ్లే వేస్తారు. నాకు కావలసింది అదే.

నిబంధనలు రెండు పేజీలున్నాయి. నేను మొదట ఆరో నిబంధన చదివాను, ధర అక్కడ ఉంది కాబట్టి. ఒక్కో రచనకు ఐదు వందలు, తిరిగి ఇవ్వరు. ఒకరు రెండు రచనల దాకా పంపవచ్చు. ఆ తర్వాత మార్కుల వివరం చూశాను. వస్తువుకు ముప్పై, శిల్పానికి ముప్పై, భాషకు ఇరవై ఐదు, కొత్తదనానికి పదిహేను. భాషలో నాకు ఇరవైకి తగ్గవని అక్కడే లెక్కగట్టుకున్నాను. మిగతా నిబంధనలు చీర మడత చివర చూసినట్టు చూసి వదిలేశాను.

టైపు పని కోర్టు దగ్గర డీటీపీ సెంటరు నడిపే తమ్మునికి ఇచ్చాను. పత్రాలు రాసీ రాసీ అతనికి కాగితం మీద అనుమానం ఎక్కువ. నా రాతప్రతి మీద పేరు ఎక్కడా ఉండకూడదన్నది నాలుగో నిబంధన. చదివేవాళ్లకు ఎవరు రాశారో తెలియకూడదు. పేరు, ఊరు, ఫోను నంబరు, ఇది సొంత రచన అన్న హామీ పత్రం, అన్నీ వేరే ఫైలులో పంపాలి. ట్రస్టు వాళ్లు రచనకు ఒక నంబరు వేసి, నంబరుతోనే పరిశీలకులకు ఇస్తారు. అతను మొదటి పేజీ మీద పేరు తీశాడు, అంకితం పేజీ తీశాడు, మౌసుతో ఇంకేదో వెతికాడు.

"గిదేంది తమ్మీ, పేరు తీసినంక ఇంక ఏం దేవులాడుతున్నవ్?"

"ఫైలు లోపల్నే పేరుంటదక్కా. ప్రాపర్టీస్ అని. ఎవలన్న ఒక్క బటన్ ఒత్తితె నువ్వు బైటపడ్తవ్."

అదీ తీసేశాడు. అంత జాగ్రత్తగా నన్ను దాచిపెట్టాడు. కథల సంపుటికి ఐదు వందలు కట్టి, రసీదు బొమ్మతో సహా పంపించాం.

వారం తర్వాత నా దగ్గర ఇంకో చిన్న నవల ఉందన్న సంగతి గుర్తుకొచ్చింది. రెండోదానికి మళ్లీ పూర్తి ధర కట్టడం నా ఒంటికి పడలేదు. రుసుము సందేహాలకు అని ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. ఒక మేడం ఎత్తింది.

"మేడం, ఒకటి కట్టిన. ఇంకోటి పంపుత. రెండోదానికి మూడు వందలు తీస్కోండ్రి."

"ఇది చీరల దుకాణం కాదండి," అని ఆమె నవ్వింది.

నవ్విన గిరాకీ పోదు. "సరుకు తెల్వక గట్లంటున్నరు. నా మొదటిదాంట్ల ఒక కథుంది, వినుండ్రి," అని మొదలుపెట్టాను. ఆదిలాబాద్ పత్తి మార్కెట్లో తక్కెడల మీద ముద్ర వేసే మనిషి కథ. ముప్పై ఏళ్లు అందరి తూకం సరిచూసినవాడు పదవీ విరమణ రోజు సొంత ఇంట్లో తక్కెడను చూస్తాడు. ఏం కనిపించిందో కూడా చెప్పాను. మధ్యలో ఆమె ఏదో అనబోతే, "జర ఆగుండ్రి, అసలు ముచ్చట ఇప్పుడొస్తది," అన్నాను. రెండో కథ కూడా ముగింపుతో సహా చెప్పేశాను.

అవతల నిశ్శబ్దం. వస్తువు చేతిలో పట్టుకొని మాట్లాడని గిరాకీ కొంటుందని మా బాపు చెప్పేవాడు. నేను ఎదురుచూశాను.

"అమ్మా, ఇక ఆపండి," అంది ఆమె మెల్లగా. "మొదటి వడపోతలో చదివేవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ కథ నిన్ననే చదివాను. ఇప్పుడు అది ఎవరిదో నాకు తెలిసింది. కమిటీకి చెప్పక తప్పదు."

డీటీపీ సెంటరుకు పోతే తమ్ముడు నిబంధనలు తెరిచి తొమ్మిదోది వేలుతో చూపించాడు. ఫలితాలు వెలువడేదాకా రచన గురించి నిర్వాహకులతోగాని పరిశీలకులతోగాని మాట్లాడరాదు. మాట్లాడితే ఆ రచనను పోటీ నుంచి తొలగిస్తారు.

"నేను ఫైలు లోపలికెళ్లి పేరు తీస్తి. నువ్వు ఫోన్ల చెప్పేస్తివి," అన్నాడు. కాసేపు ఆలోచించి, "పరేషాన్ గాకక్కా. కథల వరుస మార్చి, పైన సంపుటి పేరు మార్చి, బావ పేరు మీద పంపుదాం. గడువుకు ఇంక పది రోజులున్నయి," అన్నాడు.

నిజం చెప్పాలంటే, ఒక చాయ్ చల్లారేంత సేపు ఆ మాట నాకు నచ్చింది. హామీ పత్రం మళ్లీ చదివాను. ఇది నా సొంత రచన అని మా ఆయన సంతకం పెట్టాలి. ఆయన జీవితంలో రాసింది కరెంటు మీటరు రీడింగు ఒక్కటే. అయినా అడ్డుపడింది అది కాదు. మా దుకాణంలో నోటితో ఎంత బేరమైనా ఆడతాం, తూకం రాయి మాత్రం మార్చం. పైగా నా కథల్లో మొదటిది తక్కెడల మనిషిది.

"వద్దు తమ్మీ. జరిగింది జరిగినట్టు టైపు కొట్టు."

బేరమాడిన సంగతి, కథ చెప్పిన సంగతి, ఆ మేడం ఆపబోతే నేనే ఆపనివ్వని సంగతి కమిటీకి రాయించాను. ఆమె తప్పేమీ లేదని కూడా. చివర ఒక్క ప్రశ్న పెట్టాను: తొమ్మిదో నిబంధన ప్రకారం తొలగించేది రచనను కదా, రాసిన మనిషిని కాదు కదా, నవల పంపవచ్చా? తమ్ముడు నావైపు చూసి, "నీకింక బుద్ధి రాలే," అన్నాడు.

మూడో రోజు జవాబు వచ్చింది. కథల సంపుటిని ఈ ఏడాది పరిశీలించరు. రుసుము తిరిగి రాదు. నవల పంపవచ్చు, దాన్ని ఆ మేడంకు ఇవ్వరు. సంపుటిని వచ్చే ఏడాది కొత్తగా పంపుకోవచ్చు, అప్పుడు కూడా ఆమె దాన్ని చదవరు. నవలకు ఐదు వందలు నోరు మెదపకుండా కట్టాను. నా జీవితంలో చెప్పిన ధరకు కొన్నది అదొక్కటే.

నవల మొదటి పదిలో చేరలేదు. చేరకపోవడం న్యాయమే. తగ్గింపు కోసం పైన వేసిన కొసరు సరుకది. కథలు అట్లా కాదు. అవి ఏడాది ఆగితే పాడయ్యేవి కావు, ఒకటి రెండు వాక్యాలు తీసేస్తే ఇంకా గట్టిపడ్డాయి కూడా. వచ్చే ఏడాదికి ఫైలు సిద్ధంగా ఉంది. ఈసారి తొమ్మిదో నిబంధన ముందు చదివాను.

ఇక బిల్లు. టైపు రెండు వందల రెండు పేజీలు, పేజీకి ఇరవై చొప్పున నాలుగు వేల నలభై. తమ్మునితో బేరమాడి రెండు వందల నలభై తగ్గించుకున్నాను కాబట్టి మూడు వేల ఎనిమిది వందలు. రుసుములు రెండు, వెయ్యి. మొత్తం నాలుగు వేల ఎనిమిది వందలు. వచ్చింది సున్న. పోయింది పదకొండు కథలకు ఒక ఏడాది. ఇదంతా ఏ తగ్గింపు కోసమో అది రెండు వందలు. అదీ దొరకలేదు.