కాంటాకు కట్టిన చీటీ

ప్రసూతి వార్డు గోడ మీద చాలాకాలం ఉన్న ఆ నోటీసు రాసింది నేనని ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. కింద సంతకం వార్డు సిస్టరుగారిది. అందరూ ఆమే రాశారనుకున్నారు, అలా అనుకోవడమే నాకూ హాయిగా ఉండేది.

అప్పుడు నాచారంలో ఫ్యాక్టరీలు ఒకటొకటిగా లేస్తున్నాయి. ఉప్పల్ వైపు ఇంకా జొన్నచేలే. మాది మిషన్ వాళ్లు నడిపే చిన్న దవాఖానా. నేను నర్సింగు చదువుతూ అక్కడ పని నేర్చుకుంటున్నాను. నలుగురున్న చోట నాకు గొంతు పెగిలేది కాదు. చెప్పలేకపోయినవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. దిండు కింద లైబ్రరీ పుస్తకం ఉందని మా వార్డు ఆయమ్మ ఒక్కదానికే తెలుసు. ఆమె ఊళ్లో ఎందరికో పురుడు పోసి, ఆ తర్వాత మా దగ్గర పనికి కుదిరిన పెద్దమనిషి.

ఆ చలికాలం మేడిపల్లి నుంచి ఒక అమ్మాయి తొలికాన్పుకు వచ్చింది. మగపిల్లవాడు. పుట్టినప్పుడు రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. నాలుగో రోజు పొద్దున నేను తూచితే రెండు కిలోల ఆరు వందలు వచ్చింది. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంత తగ్గడం మామూలే, కానీ ఇది పదోవంతు దాటింది, మామూలు కాదు. సిస్టరుగారు కార్డు చూసి, "సాయంత్రం డాక్టరమ్మగారు వస్తారు. రేపటి నుంచి డబ్బాపాలు మొదలుపెట్టాల్సి రావచ్చు" అన్నారు.

ఆ మాట మంచం పక్కన కూర్చున్న అత్తగారి చెవిన పడింది.

"నేను మొదాలే సెప్పిన," అంది కోడలితో. "మా ఇంట్ల ఆరుగురిని పెంచిన. ఒక్కనికి గూడ డబ్బా సూపియ్యలే. నీకు పాలు లెవ్వంటే ఊర్లె ఏమనుకుంటరు?"

ఆ పిల్ల బిడ్డను కొంగులో దాచుకుని గోడవైపు తిరిగింది. కాసేపటికి నన్ను పిలిచి మెల్లగా అడిగింది: "సిస్టరమ్మా, నిజంగ నాకు పాలు లేవా?"

నేను దుప్పటి సర్ది వచ్చేశాను. బిడ్డ పాలు తాగేటప్పుడు గుటకలు వినబడేవి. వాడి గుడ్డలు మార్చడం కూడా నా పనే.

ఆయమ్మ తడి గుడ్డలు బకెట్లో వేస్తూ సణిగింది. "డబ్బాపాలట. గీ పోరడు పొద్దటిసంది ఎన్నిసార్లు తడిపిండో సూసినవా బిడ్డా? కడుపుల పాలు లేకుంటే గీ నీళ్లు ఏడికెళ్లొచ్చినయి, మూసీ నదికెళ్లా?"

నవ్వొచ్చింది. కానీ ఆ మాట మనసులో నిలిచింది. బిడ్డ ఒకటి చెబుతున్నాడు, కాంటా ఇంకొకటి చెబుతోంది.

మాది పైన తొట్టిలాంటి పళ్లెం, ముందు అడ్డంగా ఇనుప కమ్మీ ఉన్న కాంటా. కమ్మీ మీద గుండు జరిపితే చివర ముల్లు మధ్యలో నిలబడాలి. ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సరిచేయడానికి ఒక మూల చిన్న మర ఉంటుంది. మా అలవాటేమిటంటే, చలికి పళ్లెం చల్లగా తగులుతుందని ముందే మడత గుడ్డ పరిచి, బిడ్డను పడుకోబెట్టి తూచడం, ఆ తర్వాత లెక్కలోంచి గుడ్డ బరువు తీసేయడం. ఖాళీ పళ్లెంతో ముల్లు ఎక్కడ నిలబడిందో ఎవరూ చూసేవాళ్లం కాదు.

ఆ మధ్యాహ్నం గుడ్డ తీసేసి చూశాను. గుండు సున్నా దగ్గరే ఉంది, ముల్లు మాత్రం మధ్యలో లేదు, కిందికి దిగి ఉంది. మందుల గది నుంచి ప్రభుత్వ ముద్ర ఉన్న కిలో రాయి తెచ్చి పళ్లెం మధ్యలో పెట్టాను. ఎనిమిది వందల యాభై చూపింది. రెండు కిలోలు పెడితే పద్దెనిమిది వందల యాభై. ఎంత పెట్టినా తక్కువ అంతే. అంటే కమ్మీ బాగానే ఉంది, మొదలే, సున్నా దగ్గరే తప్పు.

సిస్టరుగారి బల్ల దగ్గర నిలబడి, చేతిలో ఉన్న కిలో రాయిని ఆమె ముందు పెట్టాను. ఆమె లేచి వచ్చి తనే తూచి చూశారు.

"ఈ మర పోయిన నెల నేనే తిప్పాను," అన్నారు. "ముల్లు పైకి లేచి ఉందని సరిచేశాను. ఇప్పుడెందుకు దిగింది?"

వెనక బకెట్ చప్పుడు ఆగింది. ఆయమ్మ నడుము దగ్గర చీర కుచ్చెళ్లలోంచి చిన్న మూట తీసి బల్ల మీద పెట్టింది. నల్ల దారంతో కట్టిన పటిక ముక్క.

"పోరగాండ్లను తూస్తే దిష్టి తగులుతదమ్మా. అందుకే పళ్లెం కింద కట్టిన. మొన్న పెద్ద డాక్టరమ్మ సూస్తదంటె ఇప్పిన."

"ప్రతి ఆదివారం చర్చికి పోతావు, పటిక కట్టావా?"

"చర్చి నా కోసం, పటిక పోరగాండ్ల కోసం."

సిస్టరుగారు నవ్వబోయి ఆపుకున్నారు. పటిక ఉన్నప్పుడు తాను మర తిప్పారు, పటిక తీశాక ఎవరూ తిప్పలేదు. బిడ్డ పుట్టిన రోజు పటిక ఇంకా కట్టే ఉంది, ఆ బరువు సరైనదే. మూటను పళ్లెంలో పెడితే ముల్లు సరిగ్గా మధ్యకు వచ్చింది. మరను సరిచేసి, రాళ్లతో మళ్లీ చూసి, మేడిపల్లి బిడ్డను తూచాం. రెండు కిలోల ఏడు వందల యాభై. అది ఏ బిడ్డయినా తగ్గే తగ్గుదలే. డబ్బాపాల మాట డాక్టరమ్మగారి దాకా పోలేదు.

ఆ పిల్లకు సిస్టరుగారే స్వయంగా చెప్పారు, అత్తగారు వింటుండగా: "తప్పు కాంటాది అమ్మా, నీది కాదు."

అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకుని, "గదే నేననుకున్న, మా కోడలు గట్టి పిల్ల" అంది. ఆయమ్మ నా వైపు చూసి కళ్లు తిప్పింది.

ఆయమ్మ మీద సిస్టరుగారు ఫిర్యాదు రాయలేదు. పటికను ఊయల కొయ్యకు కట్టుకోమన్నారు. తర్వాత నన్ను పిలిచి, "నువ్వు పుస్తకాలు చదువుతావట. అందరికీ అర్థమయ్యేలా ఒక నోటీసు రాయి. తిట్టినట్టు ఉండకూడదు" అన్నారు.

డైరీలో కొట్టివేతలతో రాసుకుని, చివరికి ఇలా ఇచ్చాను:

"నెలకోసారి పసిపిల్లల కాంటాను ముద్ర ఉన్న రాళ్లతో పరీక్షిస్తాం. ముందు ఖాళీగా, తర్వాత చిన్న బరువుతో, పెద్ద బరువుతో, పళ్లెం మధ్యలో, నాలుగు మూలల్లో. పెద్దవాళ్లకు లెక్కలోకి రాని తేడా పసిబిడ్డకు పెద్దది. దాన్ని బట్టే పాలు, మందు నిర్ణయిస్తాం. తల్లికి ధైర్యం చెప్పేదీ, భయపెట్టేదీ దాన్ని బట్టే. పరీక్ష అయ్యాక చీటీ కడతాం. ఎవరు చూశారో, ఏ రోజు చూశారో, మళ్లీ ఎప్పుడు చూడాలో దాని మీద ఉంటుంది. కొత్తగా డ్యూటీకి వచ్చినవారు ఎవరినీ అడగకుండానే తెలుసుకోవచ్చు. కాంటాను బల్ల మీద నుంచి కదిపినా, కింద పడినా, మర తిప్పినా, ఏదైనా కట్టినా విప్పినా చీటీ తీసేయండి. చీటీ లేని కాంటా మీద బిడ్డను తూచవద్దు. చీటీ ఉన్నా, ప్రతిసారీ ముందు ముల్లు చూడండి."

సిస్టరుగారు చదివి, 'ఏదైనా కట్టినా' దగ్గర కాసేపు ఆగారు. మార్చలేదు. సంతకం చేశారు.

చదువు రాని ఆయమ్మకు నేను చదివి వినిపించాను. చీటీ కట్టడానికి దారం ఆమే తెచ్చింది. నల్ల దారమే.

వేసవి మొదట్లో మేడిపల్లి పిల్ల సూదిమందు కోసం బిడ్డను తెచ్చింది. వాడికి మెడ మీద మడతలు వచ్చాయి. ముందు తూచడానికి నేను చేతులు చాచాను. ఆమె ఇవ్వలేదు. కాంటా దగ్గరికి వచ్చి, చీటీ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, బిడ్డను భుజాన వేసుకుని నిలబడింది.

"ముందుగాల ఖాళీ కాంటా సూపియ్యి అక్కా," అంది. "గప్పుడు పెడ్త నా కొడుకును."