పెద్దాయన రద్దు చేసిన టికెట్లు

కళ్లజోళ్ల దుకాణం పెద్దాయనకు నలభై ఏళ్లుగా ఒకటే అలవాటు. ఎవరైనా 'బాగా కనిపిస్తోంది' అంటే నమ్మడు. చార్టులో ఇంకా కింది వరస చదివిస్తాడు. దుకాణంలో ఆ అనుమానమే ఆయనకు అన్నం పెట్టింది. ఇంట్లో మాత్రం అది ఎవరికీ అరగలేదు, ముఖ్యంగా అల్లుడికి.

పాపం, అల్లుడు చేసిన నేరమల్లా ఉపకారం. తన క్రెడిట్ కార్డుకు అనుబంధంగా పెద్దాయన పేరుతో ఒక కార్డు తెప్పించి, ఇంటికొచ్చి చేతిలో పెట్టాడు. పెద్దాయన దంపతులిద్దరూ తమ ఊరు రావడానికి, పక్కనే కూర్చుని ఫోన్లో విమానం టికెట్లు కూడా కొనిపించాడు.

"మామయ్యగారూ, ఈ కార్డుతో కొన్న టికెట్లకే బీమా ఉంటుంది. విమానం ఆరు గంటలు దాటి ఆలస్యమైతే మీ ఖర్చులిస్తారు, అత్తయ్యగారికి కూడా. బ్యాగు సమయానికి రాకపోతే అత్యవసరంగా కొన్న వాటికీ ఇస్తారు. రసీదులు మాత్రం పారేయకండి. విమానాశ్రయంలో లాంజ్ అని విశ్రాంతి గది ఉంటుంది, అందులో ఊరికే కూర్చోవచ్చు, కార్డు చూపిస్తే చాలు."

'ఊరికే' అన్న మాట దగ్గరే పెద్దాయన చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఊరికే ఇచ్చేవాడు ఊరికే ఇస్తాడా? అల్లుడు వెళ్లగానే భూతద్దం పెట్టి షరతుల కాగితం చదివాడు. ఎంత చదివితే అంత అనుమానం. తన పేరు మీద అల్లుడు ఏం లాగుతున్నాడో ఏమో!

కూతురు కిందటి నెలే తెగేసి చెప్పింది: "నాన్నా, మా ఆయన్ని ఇంకొక్కసారి దొంగను చూసినట్టు చూశావంటే, నీ గడప తొక్కను." అందుకే ఆయన నోరు మూసుకున్నాడు. కానీ చేతులు మూసుకోలేదు. వీధి చివరి టికెట్ల కొట్టుకు వెళ్లి, కార్డుతో కొన్న టికెట్లు రద్దు చేయించి, అదే విమానానికి నగదు ఇచ్చి మళ్లీ కొన్నాడు. కార్డును బీరువాలో పడేసి తాళం వేశాడు. ఎవరికీ తెలియదులే అనుకున్నాడు, భార్యకు కూడా.

ప్రయాణం రోజు విమానం ఏడు గంటలు ఆలస్యం. భార్య మోకాళ్లు ఇనుప కుర్చీలో వాచిపోయాయి. ఎదురుగా లాంజ్ తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. లోపల మెత్తటి సోఫాలు కనిపిస్తున్నాయి.

"ఏమండీ, అల్లుడు కార్డిచ్చాడుగా, చూపించండి."

"అక్కడ ఖాళీ లేదంటే లేదు."

"మీరు అడిగితేగా!"

ఆయన అడగలేదు. ఆమె కాళ్లను తన ఒళ్లో పెట్టుకుని పిసికాడు. అంత ప్రేమ ఎందుకు వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. అనుమానంగా చూసింది. ఇన్నేళ్లలో ఆ చూపు ఆయన మీద పడటం అదే మొదలు.

దిగాక వాళ్ల బ్యాగు రాలేదు. కౌంటర్‌లో బ్యాగు రాలేదన్న ఫిర్యాదు కాగితం రాయించుకున్నాడు. ఊరికే వదిలిపెట్టే మనిషి కాదుగా! మందులు, బట్టలు, మోకాలి పట్టీ అన్నీ మళ్లీ కొన్నారు. బ్యాగు మర్నాడు సాయంత్రానికి వచ్చింది.

ఆ రాత్రి కూతురింట్లో భోజనాలయ్యాక అల్లుడు బల్ల మీద కాగితాలు పరిచాడు. ఆలస్యమైనట్టు విమాన సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం, ఫిర్యాదు కాగితం, రసీదులు, అన్నీ ఉన్నాయి. బీమా డబ్బు కోరే క్లెయిమ్ ఫారంలో 'టికెట్ ఏ కార్డుతో కొన్నారు' అన్న గడి దగ్గర అతని పెన్ను ఆగింది. కూతురు వంటింట్లో ఉంది.

"మామయ్యగారూ, ఇక్కడ నేనేం రాయను?" గొంతు తగ్గించి అడిగాడు.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. "అదే... ఆ కార్డే కదా..."

"టికెట్లు రద్దయిన రోజే నాకు తెలుసండీ. డబ్బు కొన్న కార్డుకే తిరిగొస్తుంది. ఆ మెసేజ్ అసలు కార్డుదారుడి ఫోన్‌కే వస్తుంది. ఫోన్ చేసి, 'టికెట్లు అవే కదా' అని రెండుసార్లు అడిగాను. మీరు అవే అన్నారు."

ఛీ! భూతద్దం పెట్టి చదివిన మనిషికి ఆ ఒక్కటీ తట్టలేదు.

"అమ్మాయికి..."

"చెప్పలేదు."

అంతలో కూతురు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "క్లెయిమ్ పంపేశారా?"

అల్లుడు ఫారం మడిచాడు. "లేదు. షరతుల్లో ఏదో చిక్కుందంట. ఇవ్వరట."

పెద్దాయన అతని ముఖంలోకి చూశాడు. తన కోసం అబద్ధమాడుతున్నాడు. తను పెళ్లినాటి నుంచి దొంగ అనుకుంటున్న మనిషి, పెళ్లాం దగ్గర మాట పోగొట్టుకోడానికి సిద్ధపడి, ఇవాళ మొదటిసారి తన ముందు దొంగమాట ఆడుతున్నాడు. అదీ తన పరువు కోసం! ఏడుపొచ్చింది ఆయనకు.

"ఆగు బాబూ," అన్నాడు. అల్లుడుగారూ అనడమే తప్ప ఇంతవరకూ అలా పిలిచి ఎరుగడు. "అమ్మా, చిక్కు షరతుల్లో లేదు. మీ ఆయన్ని నమ్మక ఆ టికెట్లు నేనే రద్దు చేయించాను. మీ అమ్మ మోకాళ్లు వాచింది కూడా నా వల్లే. ఇప్పుడు నా గడప తొక్కుతావో, మానుతావో నీ ఇష్టం."

కూతురు తండ్రి వైపు కాదు, భర్త వైపే చూసింది. "ఇంత జరిగినా నాన్న పరువే కాపాడబోయారా మీరు?" అంది.