ఎలర్జీల గడి

మల్కాపురం దగ్గర ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటల్ని శుభ్రమైన ఇంగ్లీషు కేస్ షీట్‌గా మార్చడం నా పని. వాళ్ళు తెలుగూ ఇంగ్లీషూ కలిపేసి చెబుతారు. "ఇంగ్లీషు ఉంచు, తెలుగు తీసెయ్" అన్నది మా సూపర్‌వైజరు పద్ధతి. తెలుగంటే ఆయన లెక్కలో రోగి సోది. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. రోగి చెప్పింది చెప్పేటప్పుడే కదా డాక్టరు తెలుగులోకి దిగేది!

ఆ రోజు సర్జన్ గారి రికార్డింగు ఇది: "ఫిఫ్టీ టూ ఇయర్ మేల్, పోర్టులో కలాసీ, రైట్ ఫుట్‌లో ఇన్‌ఫెక్టెడ్ వూండ్, మూడు రోజులుగా ఫీవర్. ఎప్పుడో పెన్సిలిన్ సూది వేస్తే ఒళ్ళంతా దద్దుర్లెక్కి ఊపిరాడలేదంట. స్టార్ట్ అమాక్సిసిలిన్ క్లావ్యులనేట్."

అమాక్సిసిలిన్ పెన్సిలిన్ జాతి మందే. మా ఫారంలో ఎలర్జీల గడి ముందే "మందుల ఎలర్జీలు లేవు" అని ఇంగ్లీషులో నిండి ఉంటుంది. దాన్ని కొట్టేసి, పెన్సిలిన్ ఇంజెక్షన్ తర్వాత దద్దుర్లు, ఊపిరాడకపోవడం జరిగినట్టు రోగి చెప్పాడని ఇంగ్లీషులో రాశాను. మందు మార్చే హక్కు నాకు లేదు కనుక దాన్ని అలాగే ఉంచి, సర్జన్‌కి ఫోన్ చేశాను.

"నా ప్రిస్క్రిప్షన్ దిద్దడానికి నువ్వెవరు? టైపు చెయ్, చాలు." పెట్టేశాడు.

సూపర్‌వైజరు నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. "ఏటమ్మా, నీకెందుకీ గొడవ? సంతకం పెట్టేది ఆయన. గడి ఎలాగున్నాదో అలాగే ఒగ్గీ." మౌసు లాక్కుని నేను రాసిన వాక్యం చెరిపేశాడు. ఆ చెయ్యి విరిచేయాలనిపించింది.

మెట్లు దిగి మందుల కౌంటరుకి పరిగెత్తాను. ఆ కలాసీ మందులెవరు తీసుకున్నారని అడిగితే అతని భార్యని చూపించారు. ఆమె అప్పుడే మాత్రలు సంచీలో వేసుకుంటోంది. అవి వెయ్యొద్దన్నాను.

"ఆయనకా సూది పడదని నాను సెప్పినానమ్మా. డాక్టరు బాబు తలూపినారు కదా!" అంది.

ఆమెను వెంటబెట్టుకుని సర్జన్ గదికి వెళ్ళాను. రోగులందరి ముందూ నన్ను నానా మాటలూ అన్నాడు. ఆయన ఊపిరి తీసుకునే సందులో ఆమె అదే మాట మళ్ళీ గట్టిగా చెప్పింది. ఆయన చీటీ లాక్కుని వేరే మందు రాశాడు.

సాయంత్రం సర్జన్ నుంచి అదే కేసుకి కొత్త రికార్డింగు వచ్చింది. ఈసారి మొత్తం ఇంగ్లీషే. తాను జాగ్రత్తగా ప్రశ్నించి పెన్సిలిన్ ఎలర్జీ కనిపెట్టాననీ, అందుకే ఆ మందు వాడలేదనీ చెప్పాడు. ఏడుపొచ్చేంత కోపంతో అక్షరం మార్చకుండా టైపు చేశాను. సీటు వదిలి వెళ్ళినందుకు సూపర్‌వైజరు నాకు మెమో ఇచ్చాడు.

కేస్ షీట్ ఎలా ఉండాలో కొత్తవాళ్ళకి నేర్పడానికి మా ఆఫీసులో ఇప్పుడు ఆ కలాసీ షీట్‌నే చూపిస్తున్నారు.