ఎనిమిది అడుగుల తప్పు, తొంభై రెండు మార్కులు

భద్రాచలంలో వానాకాలం ఎవరు ఎదురైనా ముందు అడిగేది "ఎన్ని అడుగులుంది?" అనే. గోదావరి గురించి. నలభై మూడు దాటితే మొదటి హెచ్చరిక, నలభై ఎనిమిది దాటితే రెండోది. మా అత్తగారిల్లు పల్లపు వీధిలో. నేను ఆఫీసుకు పోతే రెండేళ్ల నా బిడ్డ ఆమె దగ్గరే ఉంటుంది. రేపటి నీటిమట్టం ముందే చెప్పే కంప్యూటర్ మోడల్ చూసుకోవడం నా ఉద్యోగం. అంటే నా భయానికి జీతం కూడా ఇస్తారు.

వానల మొదట్లో వంతెన కింద నీటిమట్టం కొలిచే సెన్సర్ ఒక రోజు తొంభై అడుగులు చూపించింది. నది ఇరవై దగ్గరే ఉంది. మోడల్ తప్పును వర్గం చేసే, అంటే దాంతోనే దాన్ని గుణించే కొలతలో పెద్ద తప్పు ఇంకా పెద్దదవుతుంది; ఆ ఒక్క రోజు నెలనంతా మింగేసింది. "యంత్రం తప్పు సార్, అవుట్‌లయర్, మిగతావాటితో కలవని అంకె. తీసేద్దాం" అన్నాను మా ఆఫీసర్‌తో. సార్‌కు ఆ మాట తెగ నచ్చింది.

తర్వాత పది రోజుల మీద మోడల్‌ను పరీక్షించాం. తొమ్మిది రోజులు నది ఇరవై దగ్గరుంది, మా తేడా అర అడుగు. మిగిలిన రోజు యాభై వచ్చింది. మేం చెప్పింది నలభై రెండు, అంటే ఏ హెచ్చరికా అక్కర్లేదని. ఆ రోజు అత్తమ్మ బిడ్డను చంకనేసుకుని, మోకాలిలోతు నీళ్లు దాటి పక్కింటి మేడెక్కింది.

రిపోర్టు బాగుంటే ఇకమీద హెచ్చరికలు మా మోడల్‌ను చూసే ఇస్తారు.

"ఆర్-స్క్వేర్డ్, అదే మోడల్ మార్కు, ఎంతొచ్చింది?" అడిగారు సార్.

"తొంభై రెండు శాతం సార్. కానీ అది మన తప్పును నది ఊగిసలాటతో పోలుస్తది. వరద అంత ఎత్తు లేచింది కాబట్టే మన ఎనిమిది అడుగులు చిన్నగ కనపడుతున్నయ్."

"మంచిదే కదమ్మా! సగటు తప్పు?"

"అడుగుంబావు."

"వరద రోజు తీసేస్తే?"

"అర అడుగు."

"అయితే గట్ల చెయ్. ఆర్-స్క్వేర్డ్‌కు వరదను ఉంచు, సగటుకు తీసెయ్. అవుట్‌లయర్ అని నువ్వే చెప్పినవ్ గదా?"

"అది సెన్సర్ తప్పు సార్. ఇది నిజంగ వచ్చిన నీళ్లు. పెద్ద తప్పును దాచకుండ, తప్పుల వర్గాల సగటుకు వర్గమూలం తీస్తే రెండున్నర అడుగులు. అదీ, వరద రోజు ఎనిమిది అడుగులు తప్పినమన్న లైనూ రాయాలె."

"రాస్తే మోడల్‌ను ఎవరు నమ్ముతరు?"

అప్పుడే ఆయన ఫోను మోగింది. ఇంటి నుంచి మేడమ్, ఆయన భార్య. బయట వాన. "ఎన్ని అడుగులొస్తదట? బియ్యం బస్తాలు పైకెక్కియ్యాల్నా?" ఆ గొంతు నాకూ వినిపించింది.

సార్ తెర వైపు చూశారు. మోడల్ నలభై ఒకటి అంటోంది. నా వైపు చూసి గొంతు తగ్గించారు.

"ఎక్కియ్యి. నలభై తొమ్మిది అనుకో."

రిపోర్టులో మొదటి లైను రాశాను: వరద రోజు మోడల్ ఎనిమిది అడుగులు తక్కువ చెప్పింది. తొంభై రెండును కింద, చిన్న అక్షరాల్లోకి దించాను. సార్ సంతకం పెట్టి, "అత్తమ్మకు గూడ ఫోన్ చెయ్" అన్నారు.

అప్పటికే చేసేశాను.